పని మొదలయ్యేలోపు ఇంట్లో సామాను ఎందుకు తగ్గించాలంటే

అమ్మా, నాన్నా,

ఇంటి మరమ్మతుల గురించి ఫోన్లో ఎప్పుడు మాట్లాడుకున్నా "సామానంతా ఒక గదిలో పెట్టి తాళం వేద్దాం, పనయ్యాక తీరిగ్గా చూసుకుందాం" అన్న దగ్గరే ఆగిపోతున్నాం. ఆ పద్ధతి ఈ ఇంటికి ఎందుకు కుదరదో వివరంగా రాస్తున్నాను.

మనం గచ్చు అన్ని గదుల్లోనూ మార్పిస్తున్నాం, వైరింగ్ కూడా మొత్తం కొత్తదే. అంటే తాళం వేసిన గది తలుపు కూడా ఏదో ఒక రోజు తీయాల్సిందే. అప్పుడా సామానంతా పక్క గదిలోకి, అది పగలగొట్టేటప్పుడు మళ్ళీ ఇంకో గదిలోకి. బీరువాను అలా ఈడ్చితే కొత్త టైల్స్ అంచులు లేచిపోతాయి, బీరువా కాళ్ళూ వంగుతాయి. మోసేవాళ్ళు మోస్తున్నంతసేపూ మేస్త్రీ పని ఆగి ఉంటుంది.

అసలు కారణం ఇంకొకటుంది. కార్పెంటర్ అల్మారాల కొలతలు తీసుకునే రోజుకి మన దగ్గర ఏం మిగులుతుందో తేలి ఉండాలి. ఇప్పుడున్న సామాను లెక్కన అరలు కట్టిస్తే, ఎవరూ పడుకోని పరుపుల కోసం కూడా చెక్క కొంటాం. ప్లగ్ పాయింట్లదీ అదే కథ. గోడలో గాడి కొట్టకముందే మిక్సీ ఎక్కడ, కుట్టుమిషన్ ఎక్కడ అని ఎలక్ట్రీషియన్‌కి సుద్దతో గుర్తు పెట్టివ్వాలి. రంగు వేశాక గుర్తొస్తే మళ్ళీ గోడ కొట్టాలి, ఆ అతుకు రంగు ఎప్పటికీ కలవదు.

దుమ్ము గురించి కూడా చెప్పాలి. పాత గిలాబా కొట్టినప్పుడు లేచేది ఊడ్చే దుమ్ము లాంటిది కాదు, పిండిలా ఉంటుంది. దుప్పటి కప్పితే ఆగదు. కుట్టుమిషన్‌లో నూనె ఉన్న చోటల్లా అంటుకుని బిగుసుకుపోతుంది. పాత తలుపుల ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, దాన్ని పొడిగా గీకితే ఆ పొడి బట్టల్లోకీ గిన్నెల్లోకీ చేరుతుంది. అలాగని పరుపుల్ని ప్లాస్టిక్‌లో గాలాడకుండా చుట్టేస్తే లోపల తేమకి బూజు పడుతుంది. ఎలా చూసినా తక్కువ సామానుంటేనే సరిగ్గా కప్పగలం.

పడకగదిలో బీరువా వెనక గోడ ఓసారి టార్చి వేసి చూడండి. అడుగున రంగు పొక్కులు లేచింది. అవతల బాత్రూమ్ ఉంది కాబట్టి పైపు కారుతోందేమో ప్లంబర్ ఇప్పుడే చూడాలి. బీరువా ఖాళీ అయితే తప్ప అది జరగదు. అటక మీద అట్టపెట్టెలు కూడా అంతే, చెదలకి అట్ట అంటే ప్రాణం. గోడ మీద సన్నటి మట్టి గీత కనిపిస్తే, చెక్కపెట్టెని స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు డొల్లగా మోగితే, ఆ పెట్టెను మళ్ళీ ఇంట్లోకి రానివ్వొద్దు. చెదల మందు కూడా గచ్చు తీసి ఉన్నప్పుడే కొట్టించాలి.

మొదలుపెట్టడం కాగితాలతో. ఇంటి దస్తావేజులు, లింకు పత్రాలు, పన్ను రసీదులు, పాత ప్లాను ఒక సంచిలో వేసి మా ఇంటికి పంపేయండి. బీరువా లాకర్లో వద్దు, ఆ బీరువానే నలుగురు మోస్తారు. ప్లాను జిరాక్స్ ఒకటి మేస్త్రీకి ఇద్దాం, పాత పైపులు ఎటు వెళ్ళాయో తెలియొచ్చు. ఆ తర్వాత స్టోరు గది: గడువు దాటిన మందులు, గడ్డకట్టిన రంగు డబ్బాలు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు. బ్యాటరీలూ ట్యూబ్‌లైట్లూ చెత్తబుట్టలో వేయకుండా పక్కన పెట్టండి, అవి విడిగా ఇవ్వాలి. ఫొటోలు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. అవి ముందు తెరిస్తే ఆ రోజుకి ఇంకేం జరగదని మన ముగ్గురికీ తెలుసు!

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దండి, ఒక్కొక్కటి 15 కిలోలు దాటకూడదు, దాటితే అడుగు ఊడుతుంది. పేరు మూత మీద కాదు, పక్కన రాయాలి. ఒకదాని మీద ఒకటి పేర్చాక మూతలు కనిపించవు. ఎటూ తేల్చుకోలేని వస్తువులకి రెండు పెట్టెలు ఇస్తున్నాను, మూడోది లేదు.

అమ్మా, నీ కుట్టుమిషన్, మందం గిన్నెలు ఎవరూ ముట్టుకోరు. నాన్నా, మీ స్క్రూల డబ్బాలన్నీ ఉంచుకోండి, తుప్పు పట్టినవి తప్ప. కానీ స్టూలేసుకుని అటక ఎక్కొద్దు. శనివారం నేను వచ్చి దింపుతాను. అప్పటిదాకా కాగితాలు ఒక్కటి చూస్తే చాలు.

మీ
చిన్నమ్మాయి