తెనాలి కొట్టు: రోజువారీ సరుకు రిజిస్టర్

ముందుగా ఇది చదవండి

నాన్న, తమ్ముడు, ఆదివారాలు కూర్చునే బాబాయి, ఎవరు రాసినా ఒకేలా రాయాలి కాబట్టి ఈ కాగితం. షీట్ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది.

అమ్మిన ప్రతి ప్యాకెట్టూ రాయక్కర్లేదు. సాయంత్రం గిరాకీలో అది జరిగే పని కాదు, పోయినసారి నోటుబుక్కు మూడు రోజులకే మూలపడింది అందుకే. పగలు సరుకు దిగితే దిగిందని, రాత్రి షట్టర్ దించాక మిగిలింది ఎంతో, ఈ రెండూ రాస్తే చాలు. అమ్మకం షీటే లెక్క కడుతుంది. రోజూ లెక్కపెట్టేవి 20 సరుకులు మాత్రమే. పిన్నీసులు, అగరుబత్తీల్లాంటివి ఆదివారం చూసుకుందాం.

మచ్చు పేజీ: 6-1-2025, సోమవారం

| A సరుకు | B లెక్క | C పొద్దున | D దిగింది | E రాత్రి | F అమ్మింది | G రోజు సగటు | H రోజులు | I అదనం | J గీత | K ఆర్డర్‌లో | L కబురు |
|---|---|---|---|---|---|---|---|---|---|---|---|
| కందిపప్పు | కిలో | 48 | 0 | 39 | 9 | 8 | 4 | 8 | 40 | 0 | తెప్పించాలి |
| పొద్దుతిరుగుడు నూనె | లీటరు ప్యాకెట్టు | 62 | 0 | 44 | 18 | 14 | 4 | 14 | 70 | 48 | |
| బెల్లం | కిలో | 30 | 0 | 23 | 7 | 4 | 4 | 4 | 20 | 0 | |
| కోడిగుడ్లు | ఒక్కటి | 150 | 120 | 165 | 105 | 90 | 1 | 60 | 150 | 0 | |
| ఇడ్లీ రవ్వ | కిలో | 26 | 0 | | | 5 | 4 | 5 | 25 | 0 | లెక్క రాయలేదు |

సరుకులు 5వ వరుస నుంచి 24 దాకా ఉంటాయి. బూడిద రంగు గళ్లు F, J, L ముట్టుకోవద్దు, అందులో ఫార్ములాలున్నాయి. ఎవరైనా చెరిపేస్తే 5వ వరుసలో మళ్లీ ఇవి వేసి F, J, L మాత్రం కిందికి లాగండి, N5 లాగవద్దు:

```
F5: =IF(E5="","",C5+D5-E5)
J5: =ROUNDUP(G5*H5+I5,0)
L5: =IF(E5="","లెక్క రాయలేదు",IF(E5+K5<=J5,"తెప్పించాలి",""))
N5: =IFERROR(FILTER(A5:A24,L5:L24="తెప్పించాలి"),"ఏమీ లేవు")
```

N గడిలో ఆ రోజు తెప్పించాల్సిన సరుకుల పేర్లు వాటంతటవే వరసగా వస్తాయి. అది చూసి హోల్‌సేల్ వాళ్లకు ఫోన్ చేయడమే. వరుస ఎర్రబడటానికి కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఇది ఉంది:

```
=$L5="తెప్పించాలి"
```

గీత ఎలా వచ్చింది

చేతిలో ఉన్నదీ ఆర్డర్‌లో ఉన్నదీ కలిపి ఇంతకు దిగితే తెప్పించాలి, అదే గీత. విజయవాడ బండి మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. శుక్రవారం రాత్రి చెప్తే మంగళవారం దాకా ఆగాలి, అంటే 4 రోజులు. కందిపప్పు రోజుకు 8 కిలోలు పోతుంది, నాలుగు రోజులకు 32. బండి ఒక రోజు ఆలస్యమైనా గడిచేలా ఇంకో 8. అందుకే 40 దగ్గర గీత గీశాం. గుడ్లు ఊళ్లోనే దొరుకుతాయి, ఒక రోజు చాలు, కానీ పగిలేవి ఉంటాయి కాబట్టి అదనం 60 పెట్టాను.

నూనె 44కి పడిపోయినా కబురు రాలేదేమని తమ్ముడు అడిగాడు. 48 ప్యాకెట్లు అప్పటికే చెప్పి ఉన్నాం, K చూడండి. ఈ గడి లేకపోతే రోజూ ఎర్రగా కనపడి, రెండుసార్లు ఆర్డర్ ఇచ్చేస్తాం. బండి దిగిన రోజు D లో రాయగానే K లోంచి అంత తగ్గించాలి. మనం మరిచిపోయేది ఎక్కువగా ఇదే.

సంక్రాంతి ముందు బెల్లం చూసుకోండి. సగటు 4 అని ఉంచితే 23 కిలోలున్నా షీట్ మాట్లాడదు. G లో 7 పెట్టండి, గీత 32కి వెళ్లి ఆ రాత్రే ఎర్రబడుతుంది. పండగ అయిపోయాక మళ్లీ 4 చేయాలి, లేకపోతే బెల్లం చీమలకే.

రాత్రి పని

డబ్బాల్లో ఉన్న పప్పును తూకం వేయక్కర్లేదు. స్టీలు డబ్బాకు ప్రతి 5 కిలోలకూ పెయింటుతో గీతలు పెట్టాను, అవి చూసి అందాజుగా రాయండి. విప్పని బస్తాలు విడిగా లెక్కపెట్టి కలపండి.

అమ్మ వంటింట్లోకి తీసుకెళ్లింది M గడిలో గమనికగా రాయాలి. అదీ F లోనే కలిసిపోతుంది, గల్లాపెట్టె తేడా వస్తే పనిపిల్లాణ్ణి అనుమానించకూడదు. F లో మైనస్ వస్తే మాత్రం, దిగిన సరుకు రాయడం మరిచారని అర్థం.

అన్నీ అయ్యాక ట్యాబ్‌ను డూప్లికేట్ చేసి రేపటి తేదీ పెట్టండి. కొత్త ట్యాబ్‌లో E అంకెలను C లోకి విలువలుగా మాత్రమే పేస్ట్ చేసి, D, E, M ఖాళీ చేయండి. K అలాగే ఉంచాలి. రవ్వలా E రాయకుండా వదిలేస్తే మర్నాడు పొద్దున నిల్వే ఉండదు, కాబట్టి "లెక్క రాయలేదు" కనపడుతుండగా ట్యాబ్ మార్చవద్దు.

ఆదివారం మధ్యాహ్నం వారం అమ్మకాన్ని 7తో భాగించి G సరిచేసే పని నాది.