ఈ వారం పని షెడ్యూల్: సోమవారం నుంచి శనివారం దాకా (మెషిన్‌షాప్‌లో అందరికీ)

ఈ వారం చేతిలో ఏడు జాబులున్నాయి. ఐదు మామూలువి, రెండు అర్జెంటువి. మనకి లేత్‌లు రెండు, రేడియల్ డ్రిల్ ఒకటి, గ్రైండర్ ఒకటి, మిల్లింగ్ ఒక్కటే. ఏడింటిలో నాలుగు జాబులు మిల్లింగ్ దాటకుండా బయటికి పోలేవు. అందుకే వారం మొత్తాన్ని ముందు మిల్లింగ్ మీద వేశాను. మిగతా మెషిన్ల టైములు దానికి తగ్గట్టు సర్దాను. ఎవరి మెషిన్ ఎంత బిజీగా ఉన్నా, మిల్లింగ్ ముందు తయారైన ముక్క లేక అది ఖాళీగా నిలబడే పరిస్థితి మాత్రం రానివ్వకండి.

షిఫ్టు 9 నుంచి 1, 2 నుంచి 6. రోజుకి 8 గంటల చొప్పున మిల్లింగ్‌కి 48 గంటలు. అందులో 40 గంటలే నింపి, 8 గంటలు కావాలనే వదిలాను. ఎందుకో చెబుతాను.

పోయిన వారం షాఫ్టులకు కీవే కొడుతుండగా, 19వ ముక్క దగ్గర ఆపించి ఒక అర్జెంటు జాబు ఎక్కించాను. ఆ జాబు గంటలో అయిపోయింది. తర్వాత వైస్ మళ్లీ బిగించి, డయల్ పెట్టి సెంటర్ చూసుకుని, కట్టర్ ఎత్తు సరిచేసేసరికి గంటా నలభై నిమిషాలు పట్టింది. అయినా మొదటి రెండు షాఫ్టుల్లో కీవే 0.2 మి.మీ. పక్కకి పోయింది. రెండూ రిజెక్ట్. నిర్ణయం నాది, తప్పూ నాదే, ఆపరేటర్‌ది కాదు. సెట్టింగ్ మధ్యలో విప్పడం ఇకమీదట ఉండదు. అర్జెంటు జాబు ఎంత తొందరదైనా, ఒక సెట్టింగ్ ముగిసి ఇంకోటి మొదలయ్యే సందులోనే ఎక్కుతుంది. ఆ సందులే ఈ 8 గంటలు: బుధవారం 4, శుక్రవారం 4.

మిల్లింగ్:

| రోజు | టైము | పని |
|---|---|---|
| సోమ, మంగళ | రోజంతా | జాబు 219, గేర్లు (సెట్టింగ్ 2 గంటలు) |
| బుధ | 9–10 | 219 పూర్తి |
| బుధ | 10–1, 2–3 | అర్జెంటు టైము (జాబు 224 ఇందులోనే) |
| బుధ | 3–6 | జాబు 214, షాఫ్టులు: సెట్టింగ్ గంట, 10 ముక్కలు |
| గురు | రోజంతా | 214, 40 ముక్కలు |
| శుక్ర | 9–11 | 214, చివరి 10 ముక్కలు |
| శుక్ర | 11–1, 2–4 | అర్జెంటు టైము |
| శుక్ర | 4–6 | జాబు 221, బ్రాకెట్లు: సెట్టింగ్ గంట, 2 ముక్కలు |
| శని | రోజంతా | 221, మిగిలిన 16 ముక్కలు |

గేర్ల డెలివరీ వచ్చే శుక్రవారం, షాఫ్టులది ఈ శనివారం. మరి గేర్లు ముందెందుకు అని కొందరు అడిగారు, సబబైన ప్రశ్నే. పళ్లు కొట్టాక గేర్లు బయట హార్డెనింగ్‌కి వెళ్లాలి. అక్కడ ఫర్నేస్ బుధవారం మధ్యాహ్నం ఒకసారి, శనివారం ఒకసారి మాత్రమే లోడ్ చేస్తారు. బుధవారం పంపితే శనివారం చేతికొస్తాయి, సోమవారం బోర్ గ్రైండింగ్ మొదలుపెట్టొచ్చు. గంట ఆలస్యమై బుధవారం లోడు తప్పిందంటే మూడు రోజులు పోయినట్టే. కాబట్టి డెలివరీ తేదీ ఒక్కటే చూసి వరస పెట్టకండి. బయటికెళ్లి రావాల్సిన జాబుకి ఆ వెళ్లొచ్చే రోజులు కూడా కలిపి లెక్కేసుకోవాలి. 12 గేర్లు, ఒక్కోదానికి గంటంబావు, మొత్తం 15 గంటలు. బ్లాంకులు శనివారమే టర్నింగ్ అయి ర్యాక్‌లో ఉన్నాయి. డివైడింగ్ హెడ్ బిగించాక మొదటి గేరుకి పళ్ల లెక్క, పంటి మందం నేను వచ్చి చూసేదాకా రెండోది ఎక్కించొద్దు. బుధవారం 11కల్లా బండి సిద్ధంగా ఉండాలి.

లేత్-1 మీద 214 షాఫ్టులు, 60. సోమవారం 9కి సెట్టింగ్, ముక్కకి 20 నిమిషాలు, బుధవారం 3కల్లా ఆఖరిది దిగాలి. గ్రైండింగ్‌కి డయామీటర్ మీద 0.3 మి.మీ. వదలండి, అంతకన్నా ఎక్కువ వద్దు. ఎక్కువ వదిలితే ఆ టైము గ్రైండర్ దగ్గర కట్టాల్సొస్తుంది. తర్వాత జాబు 225 స్పేసర్లు, శుక్రవారం దాకా. వాటి తేదీ ఇంకా దూరం కాబట్టి లేత్ మీద ఏదైనా అర్జెంటుగా వస్తే జరిపేది వీటినే. శనివారం లేత్-1 ఖాళీ. కూలెంట్ మార్చి, స్లైడ్లు శుభ్రం చేసుకోండి.

లేత్-2 మీద సోమవారం పొద్దున్నే అర్జెంటు జాబు 223, ఎనిమిది బుష్‌లు. సాయంత్రం 4:30కి అయిపోతాయి. మంగళవారం ఉదయం వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. ఆ వెంటనే 224. అది విరిగిన షాఫ్టుకి బదులు ఒక్కటే కొత్తది, శాంపిల్ చూసి చేయాలి. సోమవారం గంటన్నర, మంగళవారం గంటన్నర, 10:30కి టర్నింగ్ పూర్తి. శాంపిల్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కీవే మూల పదునుగా ఉండి, సరిగ్గా అక్కడినుంచే పగులు పాకింది. కొత్తదానికి ఆ మూలలో చిన్న రేడియస్ ఇవ్వాలని వాళ్లతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. బుధవారం 10కి మిల్లింగ్, మధ్యాహ్నం సీటు గ్రైండింగ్, గురువారం ఉదయం డెలివరీ. 224 దిగాక లేత్-2 మీద 217 ఫ్లాంజ్‌లు, 40. గురువారం 4:30కి పూర్తవుతాయి.

రేడియల్ డ్రిల్ గురువారం ఉదయం ఫ్లాంజ్‌లతో మొదలవుతుంది, శుక్రవారం 11కి అయిపోతుంది. జిగ్‌లో రెండు బుష్‌లు అరిగాయి, బుధవారంలోగా మార్చండి. గ్రైండర్ మీద షాఫ్టులు గురువారం మధ్యాహ్నం 2కి 30, శుక్రవారం ఉదయం 30. అవి ఒంటిగంటకి పూర్తయితే మధ్యాహ్నం చెకింగ్, శనివారం ఉదయం డిస్పాచ్. కీవే అంచు బర్ తీయకుండా గ్రైండర్‌కి పంపకండి.

ఇక కొత్తగా అర్జెంటు జాబు వస్తే. ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లు "ఇచ్చేస్తాం" అని మాటివ్వకుండా నన్ను అడగండి. మెటీరియల్ చేతిలో ఉందా, డ్రాయింగో శాంపిలో వచ్చిందా, మిల్లింగ్ ఎన్ని గంటలు? ఈ మూడూ తేలితేనే టైము ఇస్తాను. బుధవారం నాలుగు గంటల్లో 224కి గంటన్నర పోతే రెండున్నర మిగులుతుంది. శుక్రవారంది ఇంకా మొత్తం ఖాళీ. అందులో పట్టకపోతే ఏ రోజుకి పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. ఒకేసారి రెండొస్తే, గట్టిగా అడిగినవాళ్లది కాదు, అవతల మెషిన్ ఆగిపోయి కూర్చున్నవాళ్లది ముందు.

ముందురోజు సాయంత్రం 5 దాకా ఏమీ రాకపోతే ఆ ఖాళీ టైములోకి తర్వాతి మామూలు జాబుని ముందుకు జరుపుకోండి. బుధవారం అలా జరిగితే షాఫ్టుల సెట్టింగ్ 11:30కే మొదలుపెట్టొచ్చు. అప్పటికి లేత్-1 నుంచి 45 షాఫ్టులకి పైనే వచ్చి ఉంటాయి.

రోజూ సాయంత్రం 5:45కి బోర్డు దగ్గర ఐదు నిమిషాలు కలుద్దాం. మీ మెషిన్ మీద ఎన్ని ముక్కలయ్యాయో అంకె రాయండి. వెనకబడితే అప్పుడే చెప్పండి, సోమవారం చెబితే మంగళవారం సర్దగలను, గురువారం తెలిస్తే నా చేతిలో ఏమీ ఉండదు. ఎవరైనా సెలవు పెట్టాల్సి వస్తే, ముఖ్యంగా మిల్లింగ్ మీద, ముందురోజే నాకు ఫోన్ చేయండి. లేత్-2 ఆపరేటర్‌కి కీవే సెట్టింగ్ వచ్చు, గేర్లకి మాత్రం నేనే నిలబడతాను.