ఫోను మూలన కనిపించే E, H+, 4G, 5G: నలభై ఏళ్ల చరిత్ర

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో 5G చూపించిన ఫోను, గజపతి జిల్లా కొండల్లోకి వెళ్లేకొద్దీ 4Gకి, మరీ లోపలికి పోతే E అనే ఒంటి అక్షరానికి దిగిపోతుంది. సిమ్ పాడైందేమోనని చాలామంది కంగారు పడతారు. ఆ గుర్తు వేగాన్ని కొలిచి చెప్పేది కాదు. ఫోనూ టవరూ ఆ క్షణంలో ఏ పద్ధతిలో మాట్లాడుకుంటున్నాయో అది చెబుతుంది, అంతే. తరంగాలకు దొరికే జాగా కొంచెం, వాడేవాళ్లు ఎక్కువ. ఈ ఇరుకులోంచే పద్ధతులన్నీ పుట్టాయి.

మొదట్లో ఊరంతటికీ ఎత్తయిన ఒకే స్తంభం ఉండేది. దాని మీద ఒకేసారి కొద్దిమందే మాట్లాడగలిగేవారు. ఊరిని చిన్న చిన్న సెల్లులుగా విడగొట్టి, దూరంగా ఉన్న సెల్లులో అదే తరంగాన్ని మళ్లీ వాడుకోవచ్చని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ 1947లోనే ఆలోచించింది. అది జనం చేతికి వచ్చేసరికి 1979 అయింది. టోక్యోలో కార్లలో పెట్టుకునే ఫోన్లతో మొదలై, 1981లో నార్వే, స్వీడన్ వైపుకు, 1983లో చికాగోకు చేరింది. అదే మొదటి తరం. ఆ ఏడే అమ్మకానికి వచ్చిన మోటరోలా చేతి ఫోను ధర 3,995 డాలర్లు. దాదాపు 10 గంటలు చార్జింగ్ పెడితే అరగంట మాట్లాడుకోవచ్చు.

అమెరికా పద్ధతిలో ఒక్కో కాల్‌కు రాకకు 30, పోకకు 30 కిలోహెర్ట్జ్ కేటాయించేవారు. మీరు మౌనంగా ఉన్నా ఆ జాగా మీదే, ఇంకొకరికి దక్కదు. పైగా గొంతు ఎఫ్ఎం రేడియోలా గాలిలోకి నేరుగా పోయేది, రేడియో స్కానర్ ఉన్నవాడెవడైనా వినేవాడు. ఫోను సీరియల్ నంబరు కూడా బాహాటంగానే పోయేది. దొంగలు దాన్ని పట్టి వేరే ఫోనులోకి ఎక్కించి, బిల్లు అసలు యజమాని నెత్తిన వేసేవారు.

మన దేశంలో ప్రజలకు ఈ తరం రానేలేదు. 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో అదే తొలి మొబైల్ కాల్. నేరుగా రెండో తరంతోనే మొదలుపెట్టాం.

రెండో తరం, అంటే జీఎస్ఎం, 1991లో ఫిన్లాండ్‌లో మొదలైంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. గొంతును అంకెలుగా మార్చి, కుదించి, సెకనుకు 13 కిలోబిట్లలో ఇమిడ్చారు. 200 కిలోహెర్ట్జ్ జాగాను ఎనిమిది మందికి, రైతులు కాలువ నీళ్లు వంతులవారీగా పెట్టుకున్నట్టు, కాలాన్ని ముక్కలు చేసి పంచారు. ఒక్కో వంతు 0.577 మిల్లీసెకను. సెకనుకు 217 సార్లు మీ వంతు వస్తుంది కాబట్టి ఫోను అన్నిసార్లు వెలిగి ఆరుతుంది. పాత రేడియో పక్కన కీప్యాడ్ ఫోను పెడితే, కాల్ వచ్చే ముందు జర్‌ర్‌మని మోగే మోత అదే.

అంకెలయ్యాక రహస్య సంకేతంలో పంపడం కుదిరింది. సిమ్ రావడంతో నంబరు ఫోనుకు కాక ముక్కకు అంటుకుంది. అయితే సిమ్ అసలైనదో కాదో టవర్ పరీక్షిస్తుంది గానీ, టవర్ అసలైనదో కాదో ఫోను పరీక్షించదు. దొంగ టవర్లు పెట్టి మోసం చేసే వీలు 2జీలో ఇప్పటికీ ఉన్నది అందుకే.

1992 డిసెంబరులో తొలి ఎస్ఎంఎస్ వెళ్లింది. ఒక సందేశానికి 140 బైట్లే. ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి, తెలుగు అయితే 70 గుర్తులే. అవీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ‘నమస్కారం’ చూడటానికి నాలుగు అక్షరాలు. లోపల న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న అని ఎనిమిది. అందుకే తెలుగులో రెండు వాక్యాలు రాస్తే రెండు మూడు మెసేజ్‌ల డబ్బు పోతుంది.

ఈ తరం మీదే ఇంటర్నెట్ కూడా ఎక్కించారు. G అంటే జీపీఆర్ఎస్, E అంటే ఎడ్జ్. ఎడ్జ్ కాగితం మీద 384 కిలోబిట్ల దాకా వెళ్తుంది, చేతిలో అంతకంటే బాగా తక్కువ. ఒక ఫొటో వెళ్లడానికే ఆగి ఆగి పంపుతుంది.

మూడో తరం 2001లో జపాన్‌లో, మనకు 2008 చివర్లో ఢిల్లీలో మొదలైంది. 5 మెగాహెర్ట్జ్ జాగాలో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒక్కొక్కరికి ఒక్కో కోడ్. H, H+ గుర్తులు దీనివే. వీడియో కాల్, ఫోనులో వెబ్‌సైట్లు అలవాటైంది ఈ తరంలోనే. ఒక లోపం: జనం పెరిగితే సెల్లు కుదించుకుపోతుంది, అంచున ఉన్నవాళ్లకు సిగ్నల్ పోతుంది. ప్రైవేటు కంపెనీలు దీన్ని చాలావరకు ఆపేశాయి. ఆ కంపెనీల సిమ్ వేసిన పాత ఫోనులో 4జీ లేకపోతే ఇక కాల్స్‌కే తప్ప నెట్‌కు పెద్దగా పనికిరాదు.

నాలుగో తరం 2009 డిసెంబరులో స్టాక్‌హోమ్, ఓస్లోలలో, 2012లో కోల్‌కతాలో వచ్చింది. మొత్తం జాగాను 15 కిలోహెర్ట్జ్ సన్నని పాయలుగా చీల్చి, ప్రతి మిల్లీసెకనుకూ ఎవరికి ఎన్ని పాయలో టవర్ నిర్ణయిస్తుంది. ఇక్కడ కాల్ కోసం ప్రత్యేకమైన దారి లేదు, గొంతు కూడా డేటాగానే పోవాలి. అదే వోల్టీ. అది ఆపి ఉంటే కాల్ రాగానే ఫోను 2జీకో 3జీకో దిగుతుంది, మాట్లాడుతున్నంతసేపూ నెట్ నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది. 2జీ లేని కంపెనీ సిమ్ అయితే కాల్ కలవనే కలవదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఈ తరం పల్లెకు చేరింది. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడాలోనే ప్రారంభించారు.

ఐదో తరం మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. ఎక్కువగా 3,300 మెగాహెర్ట్జ్‌కు పైన పనిచేస్తుంది, ఒక్కో కంపెనీ 100 మెగాహెర్ట్జ్ దాకా ఒకేచోట వాడుకోవచ్చు. యాంటెనాలో పదుల కొద్దీ చిన్న యాంటెనాలు కలిసి సిగ్నల్‌ను ఎవరివైపు కావాలంటే అటు మళ్లిస్తాయి. కొన్ని కంపెనీల 5జీ ఇంకా 4జీ మీద ఆనుకొని నడుస్తుంది, అక్కడ 4జీ పోతే 5జీ కూడా పోతుంది.

కొండల్లో చిక్కు అంతా ఇక్కడే. అదే దూరంలో, అదే బలంతో పంపినా, 3,500 మెగాహెర్ట్జ్ తరంగం నుంచి ఫోనుకు అందే శక్తి 700తో పోలిస్తే బయలులోనే 25 వంతుల్లో ఒకటి. చెట్లు, గోడలు అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది. టవర్‌ది పెద్ద గొంతు, 4జీ, 5జీలలో ఫోనుది సాధారణంగా 0.2 వాటు మాత్రమే. మీకు టవర్ వినిపించి గీతలు కనిపిస్తాయి, మీ మాట టవర్‌కు చేరదు. చూడటం బాగుండి పంపడం ఆగిపోతే కారణం చాలాసార్లు ఇదే. టవర్‌కు ఫైబర్ లేకపోతే 5G గుర్తు నిండుగా ఉన్నా నెట్ పాకుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో డయల్ ప్యాడ్‌లో ఇది కొట్టండి:

```
*#*#4636#*#*
```

వచ్చే తెరలో Phone information నొక్కి, సిగ్నల్ బలాన్ని చెప్పే RSRP చూడండి. -85 దగ్గర ఉంటే బాగుంది, -110 దాటితే తడబడుతుంది, -120 దగ్గర నిలవదు. 5జీ ఊగిసలాడే ఊళ్లో నెట్‌వర్క్ సెట్టింగులో 4జీ దాకానే పెడితే బ్యాటరీ మిగులుతుంది, కాల్ కూడా నిలకడగా ఉంటుంది. అందులో 2జీని మాత్రం తీసేయకండి. పర్లాకిమిడి వాళ్ల ఫోను అవతల పాతపట్నం వైపు ఆంధ్రా టవర్‌ను పట్టుకోవచ్చు. సిగ్నల్ నిండుగా ఉండి నెట్ రాకపోతే ముందు డేటా రోమింగ్ ఆన్ చేయండి, అప్పటికీ రాకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీయండి.