యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948): ఒక పేజీలో

తెలుగు ప్రాజెక్టు, 9-బి, రోల్ నంబరు 23, చెన్నై
టీచర్ చెప్పిన నియమం: శాస్త్రవేత్త జీవితం ఒకే పేజీలో రావాలి, ముఖ్యమైన సంవత్సరాలు, చేసిన పని పోకూడదు. పేజీ వెనకవైపు, ఏం తీసేశామో, ఎందుకు తీసేశామో రాయాలి.

ముందువైపు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులోని ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకి డబ్బు స్నేహితులూ, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ సర్దారు. 1919లో శేషగిరితో పెళ్ళయింది.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ తరగతికి వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్. మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో కొన్నాళ్ళు శరీర నిర్మాణశాస్త్రం చెప్పారు. అన్న, తమ్ముడు ఇద్దరూ స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవడానికి 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ వెళ్ళి, హార్వర్డ్‌లో చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రి పనులు చేసేవారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రకటించారు. రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. దీన్ని ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ కొలతతోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని, 1929లో ఏటీపీ ఉందని కనిపెట్టారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టాడు. మనం పరిగెత్తినా, రాసినా, కళ్ళు ఆర్పినా కండరం ఖర్చు పెట్టేది ఏటీపీనే. అది తగ్గగానే వెంటనే మళ్ళీ నింపేది ఫాస్ఫోక్రియాటిన్. 1930లో పీహెచ్‌డీ వచ్చింది కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకి మారి, అక్కడ పరిశోధనలకి పెద్దగా ఉన్నారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తకణాలు పెరగడానికి కావలసిన విటమిన్ ఇది. తర్వాత దాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే మందులు, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారుచేశారు. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో అమినోప్టెరిన్‌ని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. చాలామందికి కొన్నాళ్ళపాటైనా జబ్బు తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకి మందే లేదు. 1947లోనే బోదకాలు జబ్బుకి హెట్రజాన్ వచ్చింది. 1948లో టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ని, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినదాన్ని, లెడర్లీ ప్రకటించింది.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. అమెరికా వెళ్ళాక ఆయన ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

వెనకవైపు: తీసేసినవి

మొదటిసారి రాసినప్పుడు నాలుగు పేజీలు వచ్చింది. నాన్న చూసి "ఇది కుదించడం కాదమ్మా, పెంచడం" అన్నారు. రెండోసారి మరీ కోపంగా కోసేశాను. ముప్పావు పేజీయే మిగిలింది, అందులో అన్నీ సంవత్సరాలే. చదివితే రైల్వే టైమ్‌టేబుల్‌లా ఉంది. పైనున్నది నాలుగోసారి రాసినది.

అన్నిటికంటే ముందు పోయింది కాశీ కథ. సుబ్బారావు చిన్నప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుని బతుకుదామని ఇంట్లోంచి పారిపోయారట. మధ్యలోనే పట్టుకుని తీసుకొచ్చారు. క్లాసులో ఎవరికి చెప్పినా నవ్వుతారు, నాకూ ఇష్టం. కానీ దీనికి ఆరు లైన్లు పట్టింది. మెట్రిక్ రెండుసార్లు తప్పారన్న ఒక్క వాక్యం ఉంటే, చదువు మొదట్లో సాఫీగా సాగలేదని తెలిసిపోతుంది. కథ వెనక్కి, వాక్యం ముందుకి.

ఖద్దరు సంగతి మాత్రం తీయలేకపోయాను. నేను పెరంబూరు నుంచి లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే ఎదురుగా ఉండేవి జనరల్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీయే. ఎన్నోసార్లు వెళ్ళాం, అమ్మమ్మ కీళ్ళ నొప్పులకి. అక్కడే వందేళ్ళ కిందట ఒక భీమవరం అబ్బాయికి వేసుకున్న బట్టల వల్ల డిగ్రీ తగ్గిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. పైగా ఎల్ఎంఎస్ వల్లే తర్వాత జీవితంలో చాలా మలుపులు వచ్చాయి. ప్రొఫెసర్ పేరు తెలుసు కానీ రాయలేదు. ఆయన గురించి ఒక్క విషయమే తెలిసినప్పుడు పేరు పెట్టి రాయడం బాగుండదనిపించింది.

సైన్సు భాగంలో ఎక్కువ నలిగిపోయాను. ఫాస్ఫోక్రియాటిన్ కనిపెట్టకముందు కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అనుకునేవారు. 1922లో నోబెల్ బహుమతి కూడా కండరాల మీద పని చేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకే వచ్చింది. ఆ తర్వాత అయిదేళ్ళకి ఫిస్క్, సుబ్బారావులు చూపించింది ఆ లెక్కకి కుదరలేదు. ఇది పెడదామని చాలా ప్రయత్నించాను. పెడితే లాక్టిక్ ఆమ్లం ఏంటో, గ్లైకోజన్ ఏంటో కూడా చెప్పాలి. మూడు వాక్యాలు కాస్తా పన్నెండయ్యాయి. వదిలేసి, "అది తగ్గగానే వెంటనే మళ్ళీ నింపేది ఫాస్ఫోక్రియాటిన్" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. మా సైన్సు సార్ ఒప్పుకుంటారో లేదో.

లూసీ విల్స్‌ని తీసేసినందుకు నిజంగా బాధగా ఉంది. ఆవిడ ఇంగ్లండ్ డాక్టర్. బొంబాయిలో గర్భిణులకి వచ్చే రక్తహీనత మీద పని చేసి, ఈస్టుతో చేసిన మార్మైట్ తినిపిస్తే తగ్గుతోందని చూపించింది. అందులో పనిచేసే పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. అయితే ఈ పేజీ ఆవిడది కాదు. ఇంకోసారి ప్రాజెక్టు ఇస్తే ఆవిడ మీదే రాస్తాను, టీచర్ ముందే ఒప్పుకోవాలి.

జార్జ్ హిచింగ్స్ మాట కూడా తీసేశాను. 1988లో నోబెల్ వచ్చిన ఆయన, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ వల్ల బయటికి రాలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ చెప్పాడు. మా అన్నయ్య ఇది తప్పకుండా పెట్టమని గొడవ చేశాడు. "అన్యాయం జరిగింది కదే!" అన్నాడు. జరిగింది. కానీ అది పెడితే చదివేవాళ్ళు ఫిస్క్ మీద కోపంతో పేజీ ముగిస్తారు, ఫాస్ఫరస్ సంగతి మరిచిపోతారు. పైగా పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అందుకే రాయలేదు. అన్నయ్య ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. పేరు భలే ఉంది. ఆరియోమైసిన్ వాక్యం ఇప్పటికే పొడుగైపోయింది, దాని పక్కన ఇంకో నోరు తిరగని పేరు ఎందుకని వదిలేశాను. ఫార్బర్ రాసిన 16 మంది పిల్లల లెక్క కూడా (అందులో 10 మందికి మెరుగైంది) "చాలామందికి" అన్న మాటలోకి వెళ్ళిపోయింది. లెక్క పెడితే బాగుండేదేమో అని ఇప్పటికీ అనిపిస్తోంది.

ఒక విషయం మాత్రం ముందువైపు ఎక్కడా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అమ్మమ్మకి కీళ్ళవాతం. వారానికి ఒక్కసారి, ఆదివారం, ఒక చిన్న పసుప్పచ్చ మాత్ర వేసుకుంటుంది. రోజూ వేసుకోకూడదని డాక్టర్ పదిసార్లు చెప్పారు, క్యాలెండర్ మీద నేనే ఎర్రపెన్నుతో గుండ్రాలు చుడతాను. సోమవారం ఇంకో మాత్ర. ఈ ప్రాజెక్టు కోసం స్ట్రిప్పుల మీద పేర్లు చదివాను. ఆదివారంది మెథోట్రెక్సేట్. సోమవారంది ఫోలిక్ ఆమ్లం. ఒకటి ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడేది, రెండోది ఆ అడ్డు వల్ల ఒంటికి వచ్చే ఇబ్బంది తగ్గించేది. రెండూ ఆయన బృందం చేతుల్లోంచి వచ్చినవే, మా ఇంట్లో ఒకే మందుల డబ్బాలో, పక్కపక్కన.

అమ్మమ్మకి పేజీ చదివి వినిపించాను. ఆవిడది తణుకు. హెట్రజాన్ దగ్గర ఆపి, "బోదకాలు మాత్రలా? మా ఊళ్ళో ఇంటింటికీ పంచేవాళ్ళు" అంది. అది డీఈసీ, హెట్రజాన్‌కే ఇంకో పేరు. తర్వాత మొత్తం విని, కాసేపు ఏమీ అనలేదు.

"మరి ఆ పిల్ల సంగతేమైంది?"

"ఏ పిల్ల?"

"శేషగిరి. పెళ్ళి చేసుకున్నారన్నావు. ఆ తర్వాత ఒక్క మాటా లేదు."

అప్పటికి పేజీలో ఒక్క లైను కూడా ఖాళీ లేదు. ఆరియోమైసిన్ మట్టి మిస్సోరీ నుంచి వచ్చిందన్న ముక్క, ఆ బంగారు రంగు వల్లే దానికా పేరొచ్చిందన్న ముక్క రెండూ కొట్టేశాను. కొడుకు గురించి, శేషగిరిగారి గురించి ఉన్న ఆ రెండు చిన్న వాక్యాలు అక్కడ పట్టాయి.