బోధనా దృక్పథం: భౌతిక శాస్త్ర లెక్చరర్ పోస్టుకు దరఖాస్తుతో జతపరిచినది

ఆరేళ్లుగా తెనాలి ప్రాంతంలో ఒక డిగ్రీ కళాశాలలో గెస్ట్ ఫ్యాకల్టీగా బీఎస్సీ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతున్నాను. పాఠం చెప్పడం గురించి నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. విద్యార్థి తన తప్పును దాచుకోవాల్సిన అవసరం లేని గదిలోనే ఫిజిక్స్ తలకెక్కుతుంది. చెప్పడం తేలిక కాబట్టి, నా క్లాసులో అది ఎప్పుడు నిజమైందో, ఎప్పుడు నేనే దాన్ని చెడగొట్టానో రాస్తున్నాను.

ముందుగా ల్యాబ్ సంగతి. నేను చేరిన ఏడాది మొదటి సెమిస్టర్ రికార్డులు దిద్దుతుంటే లోలకం ప్రయోగంలో దాదాపు అందరికీ g విలువ 980 వచ్చింది. ఒకరిద్దరికి 981. నిజానికి గుంటూరు జిల్లా అక్షాంశం దగ్గర ఉండాల్సింది సుమారు 978. పిల్లలు కొలిచింది రాయలేదు, పుస్తకంలో ఉన్నది రాశారు. తప్పు వాళ్లది కాదు. విలువ దగ్గరగా వస్తేనే మార్కులు వేసే అలవాటు మాది. ఆ తర్వాత నుంచి మార్కుల లెక్క మార్చాను: పెన్నుతో రాసిన, కొట్టివేతలున్న అబ్జర్వేషన్ పుస్తకానికే మార్కులు. విలువ ఎంత వచ్చినా ఫరవాలేదు, ఎందుకలా వచ్చిందో చెప్పాలి.

మరుసటి ఏడాది ముగ్గురు అమ్మాయిల జట్టు బిక్కమొహాలతో నా దగ్గరికి వచ్చింది. 50 సెంటీమీటర్ల దారానికి g విలువ 950, 75కి 959, 100కి 964. "మేడం, ఏదీ రావట్లేదు, మళ్లీ చేస్తాం" అన్నారు. మళ్లీ చేయొద్దు, ఈ మూడింటినీ కాసేపు చూడండి అన్నాను. పది నిమిషాల తర్వాత వాళ్లలో ఒకమ్మాయి, "దారం పెరిగేకొద్దీ విలువ పెరుగుతోంది మేడం, అటూ ఇటూ పోవట్లేదు" అంది. నాకు కావలసిన మాట అదే. చేతి పొరపాటైతే విలువ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. ఒకే దిక్కుకు పోతోందంటే కొలతలోనే ఏదో ఉంది.

పొడవును x అక్షం మీద, T²ని y అక్షం మీద పెట్టి గ్రాఫ్ గీయించాను. గీత చక్కగా వచ్చింది కానీ మూలబిందువు గుండా పోలేదు. వెనక్కి పొడిగిస్తే x అక్షాన్ని సున్నాకు ఎడమవైపు ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర కోసింది. వెర్నియర్ కాలిపర్స్‌తో బాబ్ వ్యాసం కొలవమన్నాను. 3 సెంటీమీటర్లు. వాళ్లు దారాన్ని బాబ్ పై అంచు వరకే కొలిచారు, మధ్య వరకు కొలవాలి. అంటే వాళ్లు గీసింది ఇది:

T² = (4π²/g)(L + r)

గీత పక్కకు జరిగింది కానీ దాని వాలు మారలేదు. వాలు నుంచి g లెక్క కడితే 977 వచ్చింది. కొలత తప్పయినా జవాబు దొరికింది, పైగా తప్పు ఎంతో గ్రాఫే చెప్పింది. ఆ రోజు మిగతా జట్లు కూడా తమ పని ఆపి ఆ గ్రాఫ్ చుట్టూ మూగాయి. నేను బోర్డు మీద క్రమదోషం, యాదృచ్ఛిక దోషం అని నిర్వచనాలు రాయించిన సంవత్సరాల్లో ఎవరూ ఇలా మూగలేదు.

రెండోది, థియరీ క్లాసులో పాఠానికి ముందు ఊహ అడగడం. జవాబు చెప్పాక "అర్థమైందా" అంటే అందరూ తలూపుతారు. ఆ తలూపుడుకు విలువ లేదు. కరెంటు పాఠం మొదట్లో నేను ఒక చెక్క బోర్డు తీసుకెళ్తాను. దాని మీద 40 వాట్ల బల్బు ఒకటి, 100 వాట్లది ఒకటి, రెండూ పాతకాలపు ఫిలమెంట్ బల్బులే, సిరీస్‌లో కలిపి ఉంటాయి. (ఇప్పుడివి దొరకడం కష్టం. తెనాలిలో ఒక పాత ఎలక్ట్రికల్ షాపులో అటక మీద నుంచి తీయించాను.) స్విచ్ వేయకముందే ఏది ఎక్కువ వెలుగుతుందో కాగితం మీద రాయమంటాను. పేరు రాయనక్కర్లేదు. పోయినసారి 54 మందిలో 41 మంది 100 వాట్లది అని రాశారు. పక్కవాళ్లతో మూడు నిమిషాలు వాదించుకోమన్నాను. ఆ వాదనలో వెనక బెంచీ అబ్బాయి ఒకడు, "సిరీస్‌లో కరెంటు ఒకటేరా, రెసిస్టెన్స్ ఎక్కువున్నదే వెలుగుద్ది" అంటుంటే విన్నాను. మళ్లీ రాయమంటే 41 కాస్తా 23కి దిగింది. స్విచ్ వేశాను. 40 వాట్లది వెలిగింది, 100 వాట్లది ఎర్రటి తీగలా కనిపించీ కనిపించనట్టుంది.

అసలు పాఠం అక్కడ మొదలైంది. బల్బుల మీద రాసిన వాట్లను బట్టి రెసిస్టెన్సులు 1322, 529 ఓమ్‌లు. 230 వోల్టుల్లో 40 వాట్ల బల్బుకు 164 వోల్టులు రావాలని వాళ్లే లెక్క కట్టారు. మల్టీమీటర్ పెడితే 190 పైన చూపించింది. మీటరు పాడైందన్నారు కొందరు. మీటరు బాగానే ఉందని మెయిన్స్ మీద చూపించాక, 100 వాట్ల ఫిలమెంట్ వేడెక్కలేదు కాబట్టి దాని రెసిస్టెన్స్ 529 దాకా రాలేదన్న సంగతి వాళ్ల నోటి నుంచే రావడానికి ఇంకో పావుగంట పట్టింది. ఆ పావుగంట కోసం సిలబస్‌లో ఒక డెరివేషన్‌ను నోట్స్‌కు వదిలేశాను. అది సరైన బేరమేనని నా అభిప్రాయం. కాదనే సహోద్యోగులూ ఉన్నారు.

మూడోది భాష. ఇక్కడ నా వైపు నుంచి జరిగిన పొరపాటు చెప్పాలి. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. నా విద్యార్థుల్లో చాలామంది పదో తరగతి వరకు తెలుగులో చదివినవాళ్లు. పదాలు ఇంగ్లీషులో నేర్పడం కష్టం కాదు, వారంలో అలవాటైపోతాయి. చిక్కంతా వాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన మాటలతోనే. "వర్క్ అంటే పని" అని చెప్పి, బరువు మోస్తూ సమతలం మీద నడిస్తే గురుత్వ బలానికి వ్యతిరేకంగా చేసిన పని సున్నా అన్నాను. ఒక అబ్బాయి లేచి, "మా నాన్న మిర్చి యార్డులో హమాలీ మేడం. బస్తా మోసుకుని రోజంతా నడుస్తాడు. పని చేయనట్టేనా?" అన్నాడు. "ఫిజిక్స్ ప్రకారం అంతే" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. ఆ రోజు మళ్లీ నోరు విప్పలేదు.

ఇంటికెళ్లాక నాకే తోచింది, నేను చెప్పిన జవాబు మొరటుగా ఉండటమే కాదు, సగం తప్పు కూడా. మరుసటి క్లాసు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను, నిన్నటి నా జవాబు చాలలేదని చెప్పి. 40 కిలోల బస్తాను ఒకటిన్నర మీటరు పైకెత్తి తల మీద పెట్టుకుంటే బస్తా మీద జరిగిన పని 588 జౌళ్లు. ఆ తర్వాత సమంగా నడిచినంతసేపూ బస్తాకు కొత్తగా శక్తి చేరదు. కానీ మెడ, నడుము కండరాల్లో పోగులు బిగుస్తూ వదులవుతూ ఉంటాయి. వాటికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, అదంతా వేడిగా పోతుంది, అందుకే చెమట. "బస్తా లెక్క వేరు, మీ నాన్న ఒంటి లెక్క వేరు. పుస్తకం బస్తా లెక్క ఒక్కటే చెబుతోంది" అన్నాను. "అయితే నాన్నకి కూలీ ఒంటి లెక్కకే ఇవ్వాలి మేడం" అన్నాడు. ఈసారి క్లాసు నవ్వింది వాడితో కలిసి. అప్పటి నుంచి పని, బలం, శక్తి, ఉష్ణం లాంటి ప్రతి మాటకూ ముందు ఇంట్లో ఆ మాటను ఎలా వాడతారో ఇద్దరు ముగ్గురిని అడిగాకే నిర్వచనం రాస్తున్నాను. పరీక్ష జవాబులు మాత్రం ఇంగ్లీషులోనే రాయిస్తాను. అందుకు వారానికి ఒక గంట విడిగా పెట్టుకున్నాను.

పరీక్షల గురించి క్లుప్తంగా. మిడ్ పేపర్లు ఇచ్చేశాక, ఒక్కో తప్పు ఎందుకు జరిగిందో సొంత మాటల్లో రాసిస్తే పోయిన మార్కుల్లో సగం తిరిగి ఇస్తాను. సరైన జవాబు ఎక్కించడం చాలదు. కార్నో ఇంజిన్ లెక్కలో 127, 27 డిగ్రీల సెల్సియస్ ఇస్తే ఒకమ్మాయి వాటినే వేసేసి సామర్థ్యం 79 శాతం అని రాసింది. రావాల్సింది 25. "కెల్విన్‌లోకి మార్చడం మర్చిపోయాను" అని రాసిస్తే తిప్పి పంపి, అదే లెక్క ఫారెన్‌హీట్‌లో చేసి చూడమన్నాను. 69 వచ్చింది. రెండోసారి రాసింది ఇది: "ఇంజిన్ ఒకటే. థర్మామీటర్ మారిస్తే దాని సామర్థ్యం మారకూడదు. సెల్సియస్ సున్నా మనం పెట్టుకున్న సున్నా." మార్కులు ఇచ్చేశాను. దిద్దే పని రెట్టింపవుతుందన్నది నిజమే. 50 మంది దాటితే ప్రతి మిడ్‌కూ కాక ఒక్కదానికే చేస్తున్నాను.

ఇంకా నా చేతికి చిక్కని విషయం ఒకటుంది. ల్యాబ్‌లో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసిన జట్లలో పరికరం అబ్బాయిల చేతిలో, పుస్తకం అమ్మాయిల చేతిలో ఉంటుంది. స్పెక్ట్రోమీటర్ దగ్గర ఇది మరీ ఎక్కువ. రీడింగు రీడింగుకూ చేతులు మారాలని నియమం పెట్టాను. దాంతో కొంత మేలు జరిగింది. మూడేళ్లు రీడింగులు రాయడమే తప్ప టెలిస్కోప్‌లోకి చూడని ఒక విద్యార్థిని, ప్రిజం బల్లను తిప్పుతూ, సోడియం పసుపు గీత ఒకవైపు జరిగి జరిగి ఒకచోట ఆగి వెనక్కి మళ్లడం చూసి, "వెనక్కి వచ్చేస్తోంది మేడం!" అని అరిచింది. కనిష్ఠ విచలనం అనే మాట ఆమె రికార్డులో అప్పటికే రాసి ఉంది. కానీ నేను పక్క టేబుల్‌కు వెళ్లగానే పాత పద్ధతే వస్తోంది. విడి జట్లు పెట్టాలా అని ఆలోచిస్తున్నాను, అదీ పూర్తిగా నచ్చడం లేదు. మీ కళాశాలలో దీన్ని ఎలా నడుపుతున్నారో తెలుసుకోవాలనుంది.

డెమో క్లాసుకు పిలిస్తే బల్బుల బోర్డు వెంట తెచ్చుకుంటాను. గదిలో పనిచేసే ప్లగ్ పాయింటు ఒకటి, విద్యార్థుల కోసం చిత్తు కాగితాలు కొన్ని ఉంటే చాలు.