పోలండ్ బకాయి మెయిల్: ఇన్వాయిస్ GX-026, ఇంగ్లీషులో పెట్టి ఈ రోజే పంపాలి

స్వాతీ,

పోలండ్ మార్క్ గారికి వెళ్లాల్సిన మెయిల్ తెలుగులో రాసేశాను, కింద ఉంది. దీన్ని మాటకి మాట దించకుండా అక్కడి వ్యాపారస్తులు రాసుకునే ఇంగ్లీషులో పెట్టు. మన దగ్గర ఒంటిగంటకి వాళ్లకి ఉదయం తొమ్మిదిన్నర, ఆఫీసు తెరవగానే కళ్లబడేలా ఆ టైముకి పంపు. సబ్జెక్టులో ఇన్వాయిస్ నంబరు, డబ్బు, తేదీ మూడూ ఉండాలి. ‘చిన్న రిమైండర్’ అని మాత్రం పెట్టొద్దు, పోయినసారి అలా పెడితే తెరిచినట్టే లేరు.

మార్క్ గారికి,

నమస్కారం. మార్చి 18న చెన్నై పోర్టు నుంచి మీకు పంపిన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కంటైనర్‌కి సంబంధించిన మిగతా డబ్బు ఇంకా రాలేదు, దాని గురించే ఈ మెయిల్.

రెండు సెంటీమీటర్ల పాలిష్ స్లాబులు 420 చదరపు మీటర్లు, మీటరు 46 డాలర్ల చొప్పున మొత్తం 19,320 డాలర్లు. అందులో 30 శాతం అడ్వాన్సు 5,796 డాలర్లు మీరు చెప్పిన రోజుకే పంపారు, అందుకు థాంక్స్. మిగతా 13,524 డాలర్లు బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 60 రోజుల్లో, అంటే మే 17 లోపు రావాలి. ఈ రోజు జులై 3. గడువు దాటి 47 రోజులైంది.

రెండు స్లాబుల అంచులు విరిగాయని మీరు ఫొటోలు పంపారు. చూశాం, ఒప్పుకున్నాం. ఆ రెండూ కలిపి 9.5 మీటర్లు, 437 డాలర్లకి క్రెడిట్ నోట్ ఈ మెయిల్‌కి జతచేశాం. కాబట్టి మీరు కట్టాల్సింది 13,087 డాలర్లు. ఈ రెండు స్లాబుల విషయం ఇంతటితో తేలిపోయింది గనుక మిగతా మొత్తం ఆపడానికి కారణం ఏదీ మాకు కనిపించడం లేదు. వేరే ఇబ్బంది ఏదైనా ఉంటే ఈ సోమవారంలోగా రాయండి, మాట్లాడుకుందాం.

డబ్బు జులై 15 లోపు మా ఖాతాలో పడాలి. పంపిన రోజే స్విఫ్ట్ కాపీ మెయిల్ చేయండి, బ్యాంకు చార్జీలు మీ వైపు పెట్టుకుంటే మాకు పూర్తి మొత్తం చేరుతుంది. మా బ్యాంకు వివరాలు ఇన్వాయిస్ మీద ఉన్నవే, ఏమీ మారలేదు. మారాయని మా పేరుతో ఎవరైనా మెయిల్ పంపితే డబ్బు వేయకుండా ముందు మాకు ఫోన్ చేయండి.

మీ రెండో కంటైనర్ సరుకు చీమకుర్తి యార్డులో పాలిష్ అయిపోయి సిద్ధంగా ఉంది. చుక్క ఒకే తీరుగా పడిన స్లాబులు మీకోసం విడిగా ఏరి పెట్టించాం. పాత బాకీ అందాకే దాన్ని లోడ్ చేస్తాం. జులై 15 దాటితే ఆ సరుకు వేరే కొనుగోలుదారుకి ఇచ్చేస్తాం, ఈ బకాయిని మా ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీకి తెలియజేస్తాం. ఎగుమతి చేసిన ప్రతి షిప్పింగ్ బిల్లుకీ డబ్బు వచ్చిందా లేదా అని మా బ్యాంకు రిజర్వు బ్యాంకు సిస్టంలో చూపించాలి, అందుకని మేం కావాలనుకున్నా దీన్ని ఊరికే సాగదీయలేం.

మీతో వ్యాపారం కొనసాగించాలనే మా కోరిక. ఏ తేదీన పంపుతున్నారో రేపటిలోగా ఒక్క లైను రాస్తే చాలు.

ఇట్లు,
మేనేజింగ్ పార్ట్‌నర్, చీమకుర్తి, ప్రకాశం జిల్లా

ఇక్కడి వరకే ఆయనకి. ఇంక నీకు చెప్పేది.

నువ్వు మెత్తగా రాస్తావని నాకు తెలుసు. ‘వీలైతే’, ‘ఇబ్బంది లేకపోతే’, ‘మన్నించాలి’ లాంటివి ఎక్కడా దూర్చొద్దు, మన డబ్బు మనం అడుగుతున్నాం, అడగందే అమ్మైనా పెట్టదు. అలాగని కోపం కూడా కనపడకూడదు. మొదట బ్యాంకు సెలవులన్నారు, తర్వాత అకౌంట్స్ ఆవిడ లీవులో ఉందన్నారు, ఆ తర్వాతే విరిగిన స్లాబులు గుర్తొచ్చాయి, ఇదంతా మనసులో ఉన్నా మెయిల్లో ఎత్తకు, ఎత్తామంటే వాదనలోకి దిగుతాడు, డబ్బు సంగతి పక్కకి పోతుంది. క్వారీ వాళ్లకి మనం కట్టాల్సింది, డీజిల్ బిల్లు, ప్యాకింగ్ క్రెడిట్ మీద వడ్డీ, ఇవీ ఆయనకి అనవసరం.

రెండో కంటైనర్ పేరా మాత్రం ఒక్క ముక్క కూడా తగ్గించకు. ఆయనకి పట్టేది అదే, ఆగస్టులోపు ఆ స్లాబులు కావాలని ఆయనే ఫోన్‌లో తొందరపెట్టాడు. బెదిరింపులా వినపడకుండా, ఏం జరుగుతుందో చెప్పినట్టు ఉండాలి.

ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ, క్రెడిట్ నోట్ మూడూ జతచెయ్. వాళ్ల అకౌంట్స్ ఆవిడని సీసీలో పెట్టు, మన బ్యాంకు వాళ్లని వద్దు. పంపేముందు అంకెలు ఇంకోసారి ఇన్వాయిస్‌తో సరిచూడు, తేదీల్లో నెల పేరు అక్షరాల్లో రాయి. ఆరింటికి జవాబు రాకపోతే నాకు చెప్పు, నేనే ఫోన్ చేస్తా.

బాబాయి