నూనె మిల్లు కొనుగోలుకు ఉద్దేశ లేఖ

చిత్తూరు, 10-11-2025

రెడ్డప్ప గారికి నమస్కారం.

మీ శనక్కాయ నూనె మిల్లును యంత్రాలు, నిల్వ సరుకు, వ్యాపార పేరుతో కలిపి రూ.38 లక్షలకు కొనాలనుకుంటున్నాను. షెడ్డు మీదే; ఐదేళ్ల లీజు రాసుకుందాం.

ఈ ధరకు, షరతులకు చట్టపరంగా ఇద్దరిలో ఎవరూ కట్టుబడనక్కర్లేదు. మూడేళ్ల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, కరెంటు బకాయిలు, ఫుడ్ లైసెన్సు, మిల్లు మీదున్న బ్యాంకు అప్పు చూశాక, నా లోను మంజూరయ్యాకే అసలు ఒప్పందం. అది సంతకమయ్యేలోపు ఎవరు తప్పుకున్నా నష్టపరిహారం ఉండదు. అందుకే ఇప్పుడు అడ్వాన్సు ఇవ్వడం లేదు.

రెండు విషయాలకు మాత్రం ఇద్దరం సంతకం చేసిన రోజు నుంచే కట్టుబడాలి. 45 రోజులపాటు మీరు వేరే ఎవరితోనూ బేరం మాట్లాడకూడదు. మీ లెక్కలు, రైతుల వివరాలు, ఈ బేరం సంగతి నా ఆడిటరు, లాయరు, బ్యాంకుకు తప్ప ఎవరికీ చెప్పను. మీరూ బయట పెట్టకూడదు. బేరం కుదరకపోతే కాగితాలన్నీ తిరిగిస్తాను. ఆ తర్వాత ఏడాది వరకూ గోప్యత పాటించాలి.

మిల్లులో పనిచేసే ఆరుగురినీ ఉంచుకోవాలనే నా కోరిక. నూనెకు మంచి పేరు తెచ్చింది వాళ్ల చేతులే. మొదటి సీజన్ మీరూ పక్కనుంటే రైతులకు ధైర్యంగా ఉంటుంది.

సమ్మతమైతే 20వ తేదీలోగా కింద సంతకం చేసి ఒక కాపీ పంపండి.

ఇట్లు,
భాస్కర్ (కొనుగోలుదారు)

చదివి సమ్మతించాను:
రెడ్డప్ప (మిల్లు యజమాని)